పర్యావరణ శాస్త్రం ఫైనల్‌కి రెండు వారాల టైమ్‌టేబుల్

తమ్ముడూ,

నువ్వు పంపిన సిలబస్, పాత ప్రశ్నపత్రాలు రెండూ చూసి ఇది రాశాను. ప్రింట్ తీసి నీ టేబుల్ ముందు గోడకి అంటించుకో. ఈ సోమవారం మొదలుపెడితే ఆదివారంతో పద్నాలుగు రోజులు పూర్తవుతాయి, మర్నాడు సోమవారం ఉదయం 10 గంటలకి పరీక్ష. 100 మార్కుల్లో కాలుష్యానికి 40, ఎకాలజీకి 30, ఎనర్జీకి 30 ఉన్నాయి. రెండు పాత పేపర్లలోనూ లెక్కలకి 15 మార్కులకి తగ్గలేదు. నువ్వు ప్రతిసారీ వదిలేసేది కూడా వాటినే.

పుస్తకంలో ఎకాలజీ, కాలుష్యం, ఎనర్జీ అనే వరుస ఉంది. నేను దాన్ని మార్చి ఎనర్జీని ముందుకి తెచ్చాను. లెక్కలు ఒక్క రాత్రిలో చేతికి రావు, రోజుకొకటి చొప్పున రెండు వారాలు చేస్తేనే వస్తాయి. కాలుష్యంలో పేర్లు, సంవత్సరాలు, హద్దులు ఎక్కువ కాబట్టి పరీక్షకి దగ్గరగా చదివితే మంచిది. ఎకాలజీ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అది అర్థమైతే కాలుష్యంలో సగం దానంతటదే అర్థమవుతుంది.

క్లాసు ఉన్న రోజుల్లో సాయంత్రం 6.30 నుంచి 9 దాకా చదువు, 7.45కి పావుగంట లేచి తిరుగు. మొదటి 20 నిమిషాలు పుస్తకం మూసి, నిన్న చదివింది తెల్లకాగితం మీద రాయి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. చివరి పావుగంట రోజూ ఒక లెక్క. శని, ఆదివారాల్లో ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 7. హైలైటర్ డ్రాయర్‌లో పెట్టెయ్. పేజీ నిండా పసుపు పూస్తే చదివినట్టు అనిపిస్తుంది గానీ, పరీక్ష హాల్లో ఆ పేజీ నీ ముందు ఉండదు.

1వ రోజు, సోమవారం. ఏమీ చదవకు. పాత పేపర్లలో ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని గంటన్నర రాయి. ప్రతి ప్రశ్న పక్కన 'వచ్చు', 'సగం', 'రాదు' అని గుర్తు పెట్టు. మార్కులు వేసుకోకు, టెన్షన్ తప్ప ఇంకేం రాదు. 'సగం' అని పెట్టిన ప్రశ్నల దగ్గరే ఎక్కువ మార్కులు పెరుగుతాయి కాబట్టి ఆ జాబితా దాచుకో.

2వ రోజు, మంగళవారం. ఎనర్జీ మొదలు. బొగ్గు రకాలు (పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్) కార్బన్ శాతం పెరిగే వరుసలో రాయి. థర్మల్ కేంద్రంలో బొగ్గు నుంచి కరెంటు దాకా శక్తి ఏయే రూపాలు మారుతుందో బొమ్మ గియ్యి. బొగ్గులోని శక్తిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే కరెంటుగా వస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ఎందుకు అని అడిగితే థర్మోడైనమిక్స్ రెండో నియమం రాయాలి. 'యంత్రం పాతది కాబట్టి' అని రాస్తే సున్నా.

3వ రోజు, బుధవారం. ఈ రోజంతా లెక్కలే. ఇవి మూడు చోట్ల తప్పుతాయి: వాట్‌కీ కిలోవాట్-అవర్‌కీ తేడా మర్చిపోవడం, సామర్థ్యంతో భాగించాల్సిన చోట గుణించడం, యూనిట్లు రాయకపోవడం. ఒక లెక్క నేను చేసి చూపిస్తాను, ఇదే నమూనాలో అంకెలు మార్చి నువ్వు నాలుగు చెయ్యి.

60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు, 30 రోజులు వెలిగింది. కేంద్రం సామర్థ్యం 35 శాతం, కిలో బొగ్గులో 20 మెగాజౌళ్లు, బొగ్గులో కార్బన్ 60 శాతం. ఎంత CO₂ వస్తుంది?

```
60 × 5 × 30 = 9000 Wh = 9 kWh
9 × 3.6 = 32.4 MJ
32.4 ÷ 0.35 = 92.6 MJ
92.6 ÷ 20 = 4.63 kg
4.63 × 0.60 = 2.78 kg C
2.78 × 44/12 = 10.2 kg CO2
```

మూడో వరుసలో ఎందుకు భాగించామో నోటితో చెప్పుకో. కరెంటుగా వచ్చినదానికంటే బొగ్గులో ఉన్నది ఎక్కువ కావాలి కాబట్టి సంఖ్య పెరగాలి. పెరగలేదంటే తిరగేశావని అర్థం. చివరి వరుసలో 44/12 ఎక్కడిదంటే, 12 గ్రాముల కార్బన్ కాలితే 44 గ్రాముల CO₂ వస్తుంది. ఈ ఒక్క లెక్కలో ఎనర్జీ, కాలుష్యం రెండూ ఉన్నాయి. పెద్ద ప్రశ్న ఇలాగే వస్తుంది.

4వ రోజు, గురువారం. పునరుత్పాదక వనరులు, అణుశక్తి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది, ఎందుకంటే అది వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. ఎంత మంచి టర్బైన్ అయినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదు, దీన్ని బెట్జ్ పరిమితి అంటారు. అణుశక్తిలో సహజ యురేనియంలో యు-235 సుమారు 0.7 శాతమే అన్నది, అర్ధజీవిత లెక్క, చెర్నోబిల్ (1986), ఫుకుషిమా (2011) చాలు. 'సౌరశక్తి లాభనష్టాలు' లాంటి ప్రశ్నకి లాభాలే వరస పెట్టి రాయడం అందరూ చేసే పని. నిల్వ సమస్య, స్థలం, ప్యానెళ్ల తయారీకి తవ్వకాలు కూడా రాయి.

5వ రోజు, శుక్రవారం. ఎకాలజీకి తలుపు తెరువు, అంతే. ఆహార గొలుసు, ఆహార జాలం, పది శాతం సూత్రం. ఉత్పత్తిదారుల దగ్గర 10,000 కిలోకేలరీలుంటే శాకాహారికి 1,000, తర్వాతి మాంసాహారికి 100. తొందరగా ముగించి పడుకో.

6వ రోజు, శనివారం. ఇది బరువైన రోజు. ఉదయం పిరమిడ్లు. శక్తి పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. సముద్రంలో జీవద్రవ్యరాశి పిరమిడ్ తలకిందులు కావచ్చు. అక్కడి వృక్షప్లవకాలు బరువులో తక్కువే అయినా ఎంతో వేగంగా పుడుతూ, తినబడుతూ ఉంటాయి. ఒక చెట్టు మీద వేల పురుగులుంటే సంఖ్యా పిరమిడ్ తిరగబడుతుంది. ఈ మూడింటినీ కలిపి అడగడం ఎగ్జామినర్లకి ఇష్టం.

సాయంత్రం చక్రాలు. కార్బన్ నీకు వచ్చు, వదిలెయ్. నత్రజని చక్రం మాత్రం చూడకుండా మూడుసార్లు గియ్యి. అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చేది నైట్రోసోమోనాస్, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది నైట్రోబాక్టర్. వినత్రీకరణలో నత్రజని మళ్లీ గాలిలోకి పోతుంది. ఫాస్ఫరస్ చక్రంలో గాలి దశ దాదాపు లేదు, ఇది రాళ్ల నుంచి నేలకి, నీటికి. ఈ తేడా ఒక్కటే రెండు మార్కులు. ఎరువుల నైట్రేట్, ఫాస్ఫేట్ చెరువులోకి చేరితే ఏమవుతుందన్నది వచ్చే వారం యూట్రోఫికేషన్‌గా మళ్లీ వస్తుంది, కాబట్టి బొమ్మ కింద కాస్త జాగా వదులు.

7వ రోజు, ఆదివారం. ఉదయం జనాభా పెరుగుదల, అనుక్రమం. J వక్రం, S వక్రం, ఈ సూత్రం:

```
dN/dt = rN(1 − N/K)
```

N విలువ Kలో సగం ఉన్నప్పుడు పెరుగుదల వేగం అత్యధికం. పెరుగుదల శాతంతో 70ని భాగిస్తే రెట్టింపయ్యే కాలం వస్తుంది, 2 శాతమైతే 35 ఏళ్లు. ప్రాథమిక అనుక్రమం ఉత్త రాతి మీద లైకెన్లతో, ద్వితీయం నేల మిగిలిన చోట మొదలవుతుంది. జీవవైవిధ్య హాట్‌స్పాట్‌కి రెండు షరతులు: కనీసం 1,500 స్థానీయ నాళికా మొక్కల జాతులు, అసలు వృక్షసంపదలో 30 శాతం లేదా అంతకంటే తక్కువే మిగిలి ఉండటం. సాయంత్రం సెలవు. నిజంగానే సెలవు, పుస్తకం దగ్గర పెట్టుకుని ఫోన్ చూడటం కాదు.

8వ రోజు, సోమవారం. వాయు కాలుష్యం. ప్రాథమిక, ద్వితీయ కాలుష్యకాలు విడదీయి. ఓజోన్ రెండుసార్లు వస్తుంది. నేల దగ్గర అది ద్వితీయ కాలుష్యకం, స్ట్రాటోస్ఫియర్‌లో రక్షణ. రెండూ ఒకే జవాబులో కలిపేసేవాళ్లు చాలామంది. 1952 డిసెంబర్‌లో లండన్‌ని కమ్మినది బొగ్గు పొగ, గంధక స్మాగ్. లాస్ ఏంజలెస్‌ది వాహనాల పొగకి ఎండ తోడైన ఫోటోకెమికల్ స్మాగ్. రెండు చోట్లా ఉష్ణోగ్రత విలోమం పాత్ర ఉంది, దాని బొమ్మ నేర్చుకో. పీఎం 2.5కి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక హద్దు ఘనమీటరుకి 5 మైక్రోగ్రాములు. వర్షం పీహెచ్ 5.6 కంటే తగ్గితే ఆమ్ల వర్షం.

9వ రోజు, మంగళవారం. నీటి కాలుష్యం. ఎకాలజీ బొమ్మ కింద వదిలిన జాగాలో ఇప్పుడు యూట్రోఫికేషన్ రాయి: పోషకాలు, నాచు, నాచు చావు, దాన్ని కుళ్లించే బ్యాక్టీరియా, ఆక్సిజన్ తగ్గడం, చేపలు చావడం. వరుస తప్పితే మార్కులు పోతాయి. ఆక్సిజన్ తినేది నాచు కాదు, దాన్ని కుళ్లించే బ్యాక్టీరియా. ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసుకో.

ఈ రోజు లెక్క బీఓడీ. 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచుతారు. 300 మి.లీ. సీసాలో 10 మి.లీ. నమూనా, మొదట కరిగిన ఆక్సిజన్ 8, చివర 3 అనుకో. తేడా 5, పలచన 30 రెట్లు, బీఓడీ లీటరుకి 150 మి.గ్రా.

10వ రోజు, బుధవారం. మర్నాడు నీ ఫిజిక్స్ రికార్డు ఇవ్వాలి కదా. అందుకే ఇవాళ 45 నిమిషాలే: బయోమాగ్నిఫికేషన్. మినమాటా (వ్యాధిని గుర్తించింది 1956లో) పాదరసానిది, పక్షుల గుడ్ల పెంకు పలచబడటం డీడీటీది. పైస్థాయికి పోయేకొద్దీ శక్తి తగ్గుతుంది, విషం గాఢత పెరుగుతుంది. 5వ రోజు రాసిన పది శాతం అంకెల పక్కన దీన్ని రాస్తే రెండూ కలిపి గుర్తుంటాయి.

11వ రోజు, గురువారం. నేల, శబ్దం, ఘనవ్యర్థాలు పైపైన చాలు. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే తీవ్రత పది రెట్లు, అంతే. మిగతా సమయమంతా భోపాల్ (1984, మిథైల్ ఐసోసయనేట్), మాంట్రియల్ ప్రోటోకాల్ (1987, సీఎఫ్‌సీలు), క్యోటో (1997), పారిస్ (2015) మీద పెట్టు. ప్రతిదానికీ ఏడాది, కారణం, ఏం మారింది అనే మూడు ముక్కలు రాయి.

12వ రోజు, శుక్రవారం. కొత్తది ఏదీ లేదు. మొదటి రోజు 'సగం' అని గుర్తు పెట్టిన ప్రశ్నలు తీసి, ఒక్కొక్కటీ పూర్తిగా రాయి. ఇంకా రానివి నాకు ఫోన్ చెయ్యి, 9 తర్వాత ఖాళీగానే ఉంటాను.

13వ రోజు, శనివారం. ఉదయం సరిగ్గా 10కి కూర్చుని రెండో పాత పేపర్ మూడు గంటలు రాయి (ఇవాళ 8 గంటల చదువు రద్దు). ఫోన్ అమ్మకి ఇచ్చెయ్. మార్కుకి నిమిషంన్నర లెక్కన 150 నిమిషాలు, మిగిలిన అరగంట సరిచూడటానికి. 10 మార్కుల ప్రశ్న మీద 15 నిమిషాలు దాటితే కాస్త జాగా వదిలి ముందుకి వెళ్లు. సాయంత్రం నోట్స్ పక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో నువ్వే దిద్దు. పోయిన మార్కులు ఏ యూనిట్‌వో లెక్కపెట్టు.

14వ రోజు, ఆదివారం. ఉదయం ఎక్కువ పోయిన యూనిట్ ఒక్కటే. సాయంత్రం నత్రజని చక్రం, విలోమం, పిరమిడ్లు, థర్మల్ కేంద్రం బొమ్మలు ఒక్కోసారి గియ్యి, బల్బు లెక్క ఒకసారి చెయ్యి. 7 తర్వాత పుస్తకం వద్దు. కాలిక్యులేటర్, హాల్ టికెట్, రెండు పెన్నులు, స్కేలు సంచిలో పెట్టి పదిలోపు పడుకో.

పేపర్ చేతికొచ్చాక లెక్కల ప్రశ్నలు మొదట చదువు గానీ మొదట రాయకు. నీకు బాగా వచ్చిన థియరీ ఒకటి రాసి, చెయ్యి కుదిరాక లెక్కలకి రా. జవాబు చివర యూనిట్ రాశావో లేదో చూసుకుని గీత కొట్టు. పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం ఫోటో పంపు.

అక్క