పక్క చేనులో నీళ్లు, మన చేనులో దుమ్ము: బోరు లెక్క

1/9
గట్టుకు ఆ పక్క బోరు: 220 అడుగులకే రెండించుల నీళ్లు. ఈ పక్క బోరు: 850 దాటినా తెల్ల దుమ్మే. మధ్యలో నలభై అడుగులు కూడా లేదు.
అనంతపురం చేలల్లో మామూలే ఇది. అదృష్టం మాట కాసేపు పక్కన పెట్టి, నేల లోపల ఏముందో చూద్దాం 🧵

2/9
"కింద ఏరు పారుతుంటుంది, అందేదాకా దించితే చాలు" అంటారు. మన కింద ఏరు లేదు. ఉన్నది గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లు, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గట్టి రాయిలో నీళ్లు నిలవడానికి సందే ఉండదు.

3/9
నీళ్లుండేది రెండు చోట్ల. పైన రాయి చివికి గరుసైన పొరలో, పాత బావులు బతికింది దీని మీదే. దాని కింద గట్టి రాయి పగుళ్లలో. ఇప్పటి బోర్లకు దిక్కు ఎక్కువగా ఈ పగుళ్లే.

4/9
అసలు సంగతి ఇక్కడుంది. బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు. పగులు చాలాచోట్ల మిల్లీమీటర్లలో.
మిద్దె బీటలిస్తే వాన ఆ గీతలోంచే కారుతుంది, పక్కన గచ్చు పొడిగానే ఉంటుంది కదా. బోరూ అంతే. పగులుకు తగిలితే నీళ్లు, తప్పితే దుమ్ము.

5/9
"ఇంకో వంద దించు అన్నా!" బండి దగ్గర ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు.
లోతుకు పోయేకొద్దీ పైరాయి బరువుకు పగుళ్లు బిగుసుకుంటాయి, తగ్గిపోతాయి. 800లో అసలు పడవని కాదు. పడే ఆశ తగ్గుతుంది, అడుగు రేటు పెరుగుతుంది. పడినా ఫ్లోరైడ్ ఎక్కువుండొచ్చు.

6/9
మరి పడిన బోరు ఎందుకు ఎండుతుంది? పగుళ్లు చాలావరకు ఒకదాంట్లో ఒకటి కలిసుంటాయి. మీరు లోతుకు దించి లాగితే పక్కాయన బోరు గాలి కొడుతుంది. ఆయన ఇంకా దించుతాడు. ఇద్దరూ అప్పులపాలు.

7/9
నింపేది వానే. అనంతపురం సగటు ఏడాదికి 550 మి.మీ. దరిదాపు. ఇలాంటి రాతినేలలో లోపలికి దిగేది సుమారు పదో వంతు, అంటే ఎకరాకు 2.2 లక్షల లీటర్లు.
వరి ఒక్క పంటకు 1000 మి.మీ. అనుకున్నా ఎకరాకు 40 లక్షలు. మడిలోంచి కొంత తిరిగి దిగుతుంది, నిజమే. అయినా లెక్క ఎక్కడ కుదురుతుంది?

8/9
పాయింటు చూసేవాళ్ల సంగతి అడుగుతారని తెలుసు. నేలలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ మీటరు చివికిన పొర ఎంత మందముందో చాలావరకు చెబుతుంది. సన్న పగులు ఎక్కడుందో గ్యారంటీ ఇవ్వలేదు. కొబ్బరికాయకు ఆ మొదటిది కూడా తెలీదు. ఫీజు మాత్రం ముందే!

9/9
కర్నూలు, కడప వాళ్లకు: మీ దగ్గర చాలా మేర సున్నపురాయి. దాన్ని నీళ్లు కరిగిస్తాయి, పగులే గుహ అవుతుంది. బెలుం గుహలు అలా వచ్చినవే. మీ లెక్క వేరు, ఇంకో థ్రెడ్‌లో రాస్తా.
మీ చుట్టుపక్కల బోర్లలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, ఇప్పుడు ఎంత వస్తున్నాయో ఊరి పేరుతో కింద పెట్టండి.