పరవాడ ప్రకటన పక్కన నా రెజ్యూమే

శ్రీకాకుళం, 21 సెప్టెంబరు 2025, ఆదివారం

బావ పంపిన ప్రకటన రెండు పుటలు. నా రెజ్యూమే ఒక పుట. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ప్రకటనలోని ప్రతి వాక్యాన్నీ ఈ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంటున్నాను. ఇంగ్లీషులో చదివితే అన్నీ నాకు వచ్చినట్టే ఉన్నాయి. తెలుగులో రాయబోతే చెయ్యి ఆగిపోయిన చోట్లు కొన్ని ఉన్నాయి. నాకు రానివి అవే అయి ఉంటాయి.

ఉద్యోగం: పరవాడలో మాత్రలు తయారుచేసే కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో సీనియర్ ఎగ్జిక్యూటివ్. దరఖాస్తుకు గడువు ఈ నెల 30. నేను పైడిభీమవరంలో 2021 ఫిబ్రవరి నుంచి క్యూసీ కెమిస్టుని. మాది బల్క్ డ్రగ్ యూనిట్, అంటే మందులోని అసలు పదార్థం పొడిగా తయారయ్యే చోటు. పరవాడలో ఆ పొడిని మాత్ర చేస్తారు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే కింద రాసేదంతా అర్థమవుతుంది.

మొదటి వాక్యం: "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ లేదా బీఫార్మసీ, 5 నుంచి 8 ఏళ్ల అనుభవం." ఎమ్మెస్సీ ఉంది. అనుభవం 4 ఏళ్ల 7 నెలలు. రెజ్యూమే తలమీద "దాదాపు 5 ఏళ్లు" అని రాసి ఉంది. ఎప్పుడు రాశానో గుర్తులేదు కానీ తీసేస్తున్నాను. చేరిన నెల కిందే ఉంది, లెక్క ఎవరైనా కడతారు. "2021 ఫిబ్రవరి నుంచి" అని మాత్రం ఉంచుతాను. ఐదు నెలల తక్కువకే వద్దంటే అననీ.

రెండోది: "హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్ పరీక్షలు స్వతంత్రంగా నిర్వహించాలి." మొదటి రెండూ పదార్థంలోని భాగాలను వేరుచేసి కొలిచేవి. నా రెజ్యూమేలో "పరికరాలు" అన్న శీర్షిక కింద హెచ్‌పీఎల్‌సీ, జీసీ, యూవీ, కార్ల్ ఫిషర్, పీహెచ్ మీటరు, తూనిక అని వరసగా ఉన్నాయి. దీన్ని చూసే బావ నవ్వాడు. వంట వచ్చా అని అడిగితే వంటింట్లో గిన్నెల పేర్లు చదివినట్టుందన్నాడు. కోపం వచ్చింది కానీ మాట నిజమే. తూనిక వాడటం రాని కెమిస్టు ఉంటుందా? తూనిక, పీహెచ్ మీటరు కొట్టేశాను. మిగతావాటి పక్కన వాటితో నేను ఏం తేలుస్తానో రాయాలి.

హెచ్‌పీఎల్‌సీ: అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్. అంటే అసలు మందు ఎంత ఉంది, దాంతోపాటు మలినాలు ఎంత ఉన్నాయి అన్నది. ప్రకటనలో వాడిన మాటలు ఇవే, నేను రోజూ చేసేవీ ఇవే. నా కాగితంలో మాత్రం "శాంపిళ్ల విశ్లేషణ" అని ఉంది. నీళ్లను విశ్లేషించినా అదే మాట రాయొచ్చు. ప్రకటనలోని మాటలే తీసుకుంటాను. సంక్షిప్త అక్షరాలతో పాటు ఒకసారి పూర్తి పేరు కూడా రాస్తాను, వెతికేవారు ఏ రూపంలో వెతుకుతారో మనకు తెలియదు కదా.

జీసీ: "జీసీ నడిపాను" అని ఉన్నచోట "హెడ్‌స్పేస్ జీసీతో ఐసీహెచ్ క్యూ3సీ ప్రకారం రెసిడ్యువల్ సాల్వెంట్ల పరీక్ష" అని వస్తుంది. పొడిలో మిగిలిపోయిన ద్రావకాలు ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన హద్దులో ఉన్నాయో లేదో చూడటం ఇది. మిథనాల్‌కు 3000 పీపీఎం, టోలుయిన్‌కు 890 పీపీఎం హద్దు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇది అరువు మాట కాదు. నా పనికి అసలు పేరు ఇన్నాళ్లూ రాయలేదు, అంతే.

డిసొల్యూషన్ దగ్గర చెయ్యి ఆగింది. పొడికి ఈ పరీక్ష ఉండదు. మాత్ర కడుపులో ఎంతసేపటికి ఎంత కరుగుతుందో చూసే పరీక్ష ఇది. మాత్ర లేని చోట నాలుగున్నరేళ్లు పనిచేసిన నాకు అది ఎక్కడ దొరుకుతుంది? ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లోనూ చేయలేదు. పుస్తకంలో చదివింది ఉంది: ఆరు గిన్నెలు, 37 డిగ్రీలకు అటూ ఇటూ అర డిగ్రీ, ప్యాడిల్ గాని బాస్కెట్ గాని. క్యూ విలువ అంటే ఆ మందు ఇంత శాతం కరగాలని ముందే పెట్టిన అంకె. మొదటి దశలో ఆరు మాత్రల్లో ప్రతిదీ దానికంటే కనీసం 5 శాతం ఎక్కువ కరగాలి. కరగకపోతే మరో ఆరు వేసి పన్నెండింటి సగటు చూస్తారు, అప్పుడూ కుదరకపోతే మొత్తం ఇరవైనాలుగు. చదివింది చేసినట్టు కాదు. పరికరాల్లో ఆ మాట రాయను. దరఖాస్తు ఉత్తరంలో ఒక వాక్యం పెడతాను: "నా అనుభవం బల్క్ డ్రగ్‌లోనిది. డిసొల్యూషన్ చేతితో చేయలేదు, ఫార్మకోపియా విధానం తెలుసు." ఖాళీ మనమే చూపిస్తే నష్టమేమో అని అమ్మ అంటుంది. అక్కడ మొదటి రోజే గిన్నె ముందు నిలబెడితే ఏం చేస్తానని అడిగితే మళ్లీ మాట్లాడలేదు.

మూడోది, నన్ను కూర్చోబెట్టేసింది: "ఓఓఎస్, ఓఓటీ ఇన్వెస్టిగేషన్లు, కాపా." ఓఓఎస్ అంటే హద్దు దాటిన ఫలితం. కాపా అంటే ఆ తప్పును సరిదిద్ది, మళ్లీ రాకుండా తీసుకునే చర్య. ఓఓఎస్ విచారణ పని నేను చేస్తూనే ఉన్నాను. దానికి నా రెజ్యూమేలో రాసిన వాక్యం ఇది: "ఫలితం సరిగ్గా రాకపోతే మళ్లీ పరీక్షించి సరిచేయడం."

ఇన్నాళ్లూ ఈ వాక్యం పట్టుకునే తిరిగాను. క్యూసీలో దీనికంటే ప్రమాదకరమైన వాక్యం ఉండదు. పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడమే నేరం. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో కోర్టు తప్పుపట్టినది సరిగ్గా దీన్నే. తర్వాత 2006లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓఓఎస్ మీద మార్గదర్శకం ఇచ్చింది, 2022లో దాన్ని సవరించింది. మా ల్యాబులో గోడకు అంటించినది అదే. నేను చేసే పని దాని ప్రకారమే: ఫలితం తేడా వస్తే ద్రావణాలు పారబోయకుండా ఉంచుతాను, ఇన్‌ఛార్జికి చెబుతాను, మొదటి దశ విచారణలో తూకం, డైల్యూషన్, ఇంజెక్షన్ వరస, సిస్టం సూటబిలిటీ చూస్తాను. ల్యాబు తప్పు దొరికితేనే పాత ఫలితం రద్దవుతుంది. దొరకకపోతే విచారణ రెండో దశకు, ప్రొడక్షన్ దాకా వెళుతుంది. ఇంత చేస్తూ "సరిచేయడం" అని రాసుకున్నాను. చేసేది ఒకటి, రాసింది దాని తలకిందులు.

కొత్త వాక్యం: "ఓఓఎస్ మొదటి దశ ఇన్వెస్టిగేషన్లలో విశ్లేషకురాలిగా పాల్గొన్నాను, మూలకారణం తేలిన రెండింట్లో కాపా అమలు చేశాను." ఆ రెండూ ఏవంటే, పాత పిపెట్టు మార్చడం, కాలమ్‌కు లాగ్‌బుక్కు పెట్టడం. ప్రకటనలో "నాయకత్వం వహించాలి" అని ఉంది. ఆ మాట తీసుకోను. సంతకం ఎప్పుడూ ఇన్‌ఛార్జిదే. ఓఓటీ గురించి కూడా రాయను. ఫలితం హద్దులోనే ఉన్నా పాత వరసకు తేడాగా వస్తే ఆ లెక్క నాణ్యత హామీ విభాగమైన క్యూఏ వాళ్లు చూస్తారు, మేము అంకెలు ఇస్తాం.

నాలుగోది: "మెథడ్ వాలిడేషన్, ఐసీహెచ్ క్యూ2." పరీక్షా పద్ధతి నమ్మదగినదేనని రుజువు చేయడం వాలిడేషన్, దానికి మార్గదర్శకం క్యూ2. 2022లో ఒక కొత్త పద్ధతికి వాలిడేషన్ జరిగింది. ప్రెసిషన్‌కు ఆరు తయారీలు, అక్యూరసీకి మూడు స్థాయిల్లో మూడేసి, లీనియారిటీకి ఐదు గాఢతలు, ఇవన్నీ నా చేతి మీదుగానే ఇంజెక్టు అయ్యాయి. ప్రోటోకాల్ రాసింది వేరొకరు. అందుకని "ప్రోటోకాల్ ప్రకారం ప్రయోగాలు చేసి డేటా సమకూర్చాను" అని రాస్తాను. క్యూ2 ఇప్పుడు రెండో సవరణ, ఆర్2, 2023 నవంబరులో మారింది. నేను చేసింది ఆర్1 కాలంలో. కొత్తదానిలో ఏం మారిందో 30 లోపు చదవాలి, అడగకుండా ఉండరు.

ఐదోది: "డేటా ఇంటెగ్రిటీ, ఆడిట్ ట్రయల్ రివ్యూ, లిమ్స్." లిమ్స్, అంటే శాంపిళ్ల నమోదుకు వాడే ల్యాబు సాఫ్ట్‌వేర్, మా దగ్గర లేదు. శాంపిలు నమోదుకు ఇంకా రిజిస్టరే. ఇది నిజమైన ఖాళీ, కానీ డిసొల్యూషన్ అంత బాధ పెట్టదు. సాఫ్ట్‌వేర్ నెలలో పట్టుబడుతుంది. ఆడిట్ ట్రయల్ మాత్రం నా రెజ్యూమేలో ఎక్కడా లేదు, పనిలో రోజూ ఉంది. గత ఏడాది నుంచి మిగతా కెమిస్టుల క్రోమటోగ్రాములు Empower అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఇంటిగ్రేషన్ ఎవరు ఎన్నిసార్లు మార్చారో, కారణం రాశారో లేదో చూసేది నేనే. రాయడం ఎందుకు మరిచానంటే, ఆ పని చేసేటప్పుడు తోటివాళ్ల మొహాలు మాడిపోతాయి. గొప్పగా చెప్పుకునే పనిలా ఎప్పుడూ అనిపించలేదు. ప్రకటనలో వాళ్లు అడుగుతున్నది అదే.

డేటా ఇంటెగ్రిటీ అంటే ఏమిటని బావ సరదాగా పరీక్ష పెట్టాడు. దాని ఐదు సూత్రాల మొదటి అక్షరాలైన ఆల్కోవాను అప్పజెప్పకుండా ఇలా చెప్పాను: ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరుగుతున్నప్పుడే రాయాలి, మొదట రాసిన కాగితమే ఉండాలి, జరిగిందే ఉండాలి. ఇంటర్వ్యూలో తెలుగు చెల్లకపోతే ఇంగ్లీషులో చెప్పుకోవచ్చు, ముందు మనకు అర్థమై ఉండాలి కదా అన్నాడు.

ఆరోది: "రెగ్యులేటరీ ఆడిట్ల అనుభవం." రెండు తనిఖీల్లో ముందుగదిలోకి నన్ను పిలవలేదు. వెనక గదిలో కూర్చుని అడిగిన రికార్డులు పది నిమిషాల్లో తీసిచ్చింది నేను. "ఆడిట్‌ను ఎదుర్కొన్నాను" అని మా షిఫ్టులో అందరూ రాస్తారు. నేను "తనిఖీల్లో రికార్డులు సమకూర్చాను" అని రాస్తున్నాను. చిన్న మాటే, కానీ మీరు ఏం జవాబిచ్చారని ఎదురు ప్రశ్న వేస్తే నీళ్లు నమలక్కర్లేదు.

"కొత్తవారికి శిక్షణ" సులభం. ముగ్గురు ట్రైనీలకు కార్ల్ ఫిషర్, అస్సే నేర్పాను, వాళ్ల క్వాలిఫికేషన్ రికార్డుల మీద శిక్షకురాలిగా నా సంతకం ఉంది. ఇప్పటిదాకా ఇది "బృందంతో కలిసి పనిచేసే స్వభావం" అన్న మాట కింద పడి ఉంది. ఆ మాట పోయింది, ముగ్గురు ట్రైనీలు వచ్చారు.

"వెంటనే చేరగలగాలి." నాకు 60 రోజుల నోటీసు. రాసేస్తాను, దాచేదేమీ లేదు.

ఇక కొట్టేసినవి: కెరీర్ లక్ష్యం అన్న నాలుగు వరసలు, తండ్రి పేరు, హాబీల్లో పాటలు వినడం. ఆ చోటులోకి ఆడిట్ ట్రయల్, ఓఓఎస్ వాక్యాలు ఎక్కుతాయి, పుట ఒకటే ఉంటుంది.

రేపు ఎచ్చెర్ల దాటేలోపు బస్సులోనే ఇంగ్లీషు వాక్యాలు ఫోనులో టైపు చేయాలి. సాయంత్రం ఏడురోడ్ల కూడలి దగ్గర ప్రింటు. బావకు ఇప్పుడే ఫోను చేశాను. పరవాడలో వాళ్ల యూనిట్‌లో డిసొల్యూషన్ చేసే అమ్మాయి ఒకామె ఉందట, బుధవారం రాత్రి అరగంట మాట్లాడుతుందట. అడగాల్సిన ప్రశ్నలు వెనక పుటలో మొదలుపెట్టాను. మొదటిది: మీడియాలో, అంటే మాత్ర కరిగే ద్రవంలో, కరిగి ఉన్న గాలిని ఎలా తీస్తారు, తీయకపోతే ఫలితం ఎటు జరుగుతుంది?