మగ్గం సీన్, కెమెరాకి తగ్గట్టు మార్చింది

బాబాయ్, రేపు పొద్దున్న ఏడింటికి మొదటి షాట్ నీదే, అందుకే రాత్రే పంపిస్తున్నా. నాటక పరిషత్తుల్లో నాలుగు నిమిషాలు చెప్పే సీన్‌ని ఒకటిన్నర నిమిషానికి దించేశాను, తిట్టుకోకు. స్టేజీ మీద పైన వేలాడే మైకు అందుకోవాలి, చివరి వరసలో వాడికి కూడా వినపడాలి, అక్కడ నువ్వు చేసేది కరెక్టే, కానీ ఇక్కడ మైకు నీ చొక్కా లోపలే ఉంటది, కెమెరా మూడడుగుల్లో, గుటక మింగినా తెలిసిపోద్ది.

"ఓ మగ్గమా, మూడు తరాల ఆకలి తీర్చిన అన్నపూర్ణా" మొత్తం పోయింది. ఆ లైనుకి చప్పట్లు పడతాయని నాకూ తెలుసు. "సమాజమా, చూస్తున్నావా" కూడా తీసేశా, అది జనం వైపు తిరిగి చెప్పేది, ఇక్కడ ఎదురుగా ఉన్నది మగ్గం కొనడానికొచ్చిన కుర్రాడొక్కడే. వాడికే చెప్పు.

ఇదీ కొత్తది:

(వీరాస్వామి మగ్గం గుంట అంచున కూర్చుని ఉంటాడు, కాళ్ళు లోపలే. కుర్రాడు కాటా సర్దుకుంటుంటాడు.)

వీరాస్వామి: కట్టెల లెక్కనేనా తూకం?

(కుర్రాడు తలూపుతాడు.)

వీరాస్వామి: మా నాన్న టేకుతో చేయించాడు దీన్ని. ఆ సంగతి చెప్తే రేటేమన్నా పెరుగుద్దా? ...పెరగదులే. ఊరికే అడిగా.

(చెయ్యి అలవాటుగా తాడు కోసం పైకి లేస్తుంది. తాడు లేదు. చెయ్యి ఒళ్ళోకి వచ్చేస్తుంది.)

వీరాస్వామి: మా ఇంటిది దీని చప్పుడుకి ఏనాడూ లేవలేదు. ఆగితే లేచేది.

(పాజ్.)

వీరాస్వామి: నాడె ఒక్కటి ఉంచెయ్ బాబూ. దాని బరువెంతో లెక్కలోంచి తీసేసుకో. మనవడు ఆడుకుంటాడు.

అంతే. మనవడు లేడని చూసేవాళ్ళకి ముందు సీన్లోనే తెలుసు, కాబట్టి ఆ చివరి మాట దగ్గర గొంతు వణికించొద్దు, మామూలుగా అబద్ధం చెప్పినట్టే చెప్పెయ్. మెల్లగా చెప్పాలి, అలాగని నీరసంగా చెప్పకు, గుసగుస కూడా వద్దు, పక్క గదిలో పిన్ని పడుకుంటే నువ్వు ఫోన్లో మాట్లాడతావే, అంత చాలు. సింక్ సౌండే, డబ్బింగ్‌లో సరిచేద్దాం అనుకోవడానికి లేదు.

కుర్రాడి రెండు కళ్ళూ మార్చి మార్చి చూడకు, క్లోజప్‌లో చూపు అటూ ఇటూ కొట్టుకుంటున్నట్టు పడుద్ది, కెమెరా వైపున్న కన్నొక్కటే పట్టుకో. ఇంకోటి, చెయ్యి లేచేది "ఊరికే అడిగా" అయిపోయాకే, ముందు తీసే వైడ్ షాట్‌లో ఎక్కడ లేపావో క్లోజప్‌లోనూ అక్కడే లేవాలి, లేకపోతే ఎడిటింగ్‌లో అతకదు, స్టేజీ మీదలాగ ఒక్కోరోజు ఒక్కోచోట అంటే ఎడిటర్ నన్ను చంపేస్తాడు. కనుబొమ్మల సంగతి నేను చెప్పను, నీకే తెలుసు.

గడ్డం మాత్రం గీసుకోకు, నిన్నటి సీన్లో ఉంది.