అపాప్టోసిస్ రివిజన్ షీట్: రెండు దారులు, కాస్పేస్‌లు, చివర్లో టేబుల్

రేపు సెల్ బయాలజీ పేపర్ కదా, మన బ్యాచ్ జూనియర్స్ కోసం రాత్రి కూర్చుని రాశాను. ముందే టేబుల్ మీదకి దూకకండి. టేబుల్ బట్టీ కొడితే పేర్లు గుర్తుంటాయి గానీ ఎవరు ఎవర్ని లేపుతున్నారో గుర్తుండదు, పేపర్లో అడిగేదేమో సరిగ్గా అదే.

ముందు కాస్పేస్‌ల సంగతి. యాక్టివ్ సైట్‌లో సిస్టీన్ ఉంటుంది, ప్రోటీన్‌ని ఆస్పార్టేట్ పక్కన కోస్తుంది, పేరు ఆ రెండిట్లోంచే వచ్చింది. బతికున్న సెల్‌లో కూడా ఇవి ప్రోకాస్పేస్‌లుగా ముందే ఉంటాయి, చావమని సిగ్నల్ వచ్చాక కొత్తగా తయారు చేసుకోవాల్సిన పని లేదు, అందుకే మొదలయ్యాక అంత స్పీడ్‌గా అయిపోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం బాగా పట్టుకోండి, పోయినేడు ఇంటర్నల్‌లో నాకు మార్కులు పోయింది ఇక్కడే. అన్ని కాస్పేస్‌లూ కోస్తేనే యాక్టివ్ అవుతాయని రాసేశాను, అది తప్పు. ఇనీషియేటర్‌లు, అంటే 8, 9, 10, మామూలప్పుడు ఒంటరిగా మోనోమర్‌లుగా తిరుగుతుంటాయి, వాటిని ఒక ప్లాట్‌ఫామ్ మీదకి దగ్గరగా చేర్చితే డైమర్ అయి యాక్టివ్ అవుతాయి, రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు అన్నట్టు. తర్వాత వాటిని అవే కోసుకుంటాయి, కానీ 9 విషయంలో ఆ కోత లేకపోయినా యాక్టివిటీ వస్తుంది. ఎగ్జిక్యూషనర్‌లు, అంటే 3, 6, 7, దీనికి రివర్స్. అవి ముందే డైమర్‌గా ఉంటాయి కానీ పని చెయ్యవు, ఇనీషియేటర్ వచ్చి మధ్యలో లింకర్‌ని కోస్తేనే లేస్తాయి. ఇనీషియేటర్‌లకి ముందు పొడుగు ప్రోడొమైన్ ఉంటుంది, 8కి డెడ్ డొమైన్‌లు రెండు, 9కి కార్డ్ డొమైన్. ప్లాట్‌ఫామ్‌కి అతుక్కునేది వీటితోనే. ఎగ్జిక్యూషనర్‌లకి ఆ ప్రోడొమైన్ చిన్నది.

ఎక్స్‌ట్రిన్సిక్ దారి: చావమని ఆర్డర్ బయట నుంచి వస్తుంది. టీ సెల్ మీదున్న ఫాస్ లైగాండ్ మన సెల్ మీదున్న ఫాస్ రిసెప్టర్‌కి తగులుతుంది, లోపల డెత్ డొమైన్‌కి ఫాడ్ అనే అడాప్టర్ అతుక్కుంటుంది, దాని రెండో కొస ప్రోకాస్పేస్-8ని లాక్కొస్తుంది, ఈ మొత్తం గుంపే డిస్క్. అక్కడ 8లు దగ్గరై యాక్టివ్ అయి 3ని కోస్తాయి. ఫ్లిప్ అనే ప్రోటీన్ చూడ్డానికి కాస్పేస్-8 లాగే ఉంటుంది, కోసే సిస్టీన్ మాత్రం ఉండదు, అది ఎక్కువైతే డిస్క్‌లో సీటు ఆక్రమించి 8కి అడ్డుపడుతుంది. టీఎన్ఎఫ్ దగ్గర ఒక జాగ్రత్త, టీఎన్ఎఫ్ తగిలితే చావే అని రాయకండి, ముందు మెంబ్రేన్ దగ్గర ఏర్పడే కాంప్లెక్స్ ఎన్ఎఫ్-కప్పా-బీ ఆన్ చేసి సెల్‌ని బతికిస్తుంది, ఆ దారి మూసుకుపోయినప్పుడే లోపల రెండో కాంప్లెక్స్‌లో 8 లేస్తుంది.

ఇంట్రిన్సిక్ దారి: ఇక్కడ గొడవ లోపలే. డీఎన్ఏ దెబ్బతినడం, గ్రోత్ ఫ్యాక్టర్ అందకపోవడం, ఈఆర్ స్ట్రెస్, ఇలాంటివి. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 లేచి ప్యూమా, నోక్సా జీన్‌లని ఆన్ చేస్తుంది. ఇవి బీహెచ్3-ఓన్లీ ప్రోటీన్‌లు, బిమ్, బిడ్ కూడా ఈ కుటుంబమే. మామూలుగా బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్ కాపలా కాస్తుంటాయి, బీహెచ్3-ఓన్లీలు వాటిని కట్టిపడేస్తే బ్యాక్స్, బ్యాక్ వదులై మైటోకాండ్రియా బయటి మెంబ్రేన్‌కి రంధ్రాలు పెడతాయి. చాలా సెల్స్‌లో అక్కడ దాటితే ఇక వెనక్కి రాదు. రోజూ కాంప్లెక్స్ 3 నుంచి 4కి ఎలక్ట్రాన్‌లు మోసే సైటోక్రోమ్ సి బయటకొచ్చి అపాఫ్-1కి అతుక్కుంటుంది, డీఏటీపీ కూడా కలిస్తే ఏడు అపాఫ్-1లు చక్రంలా చేరి అపాప్టోసోమ్ అవుతుంది, దాని మధ్యలో 9లు చేరతాయి. ఊపిరికి పనికొచ్చిన ప్రోటీనే చావుకీ పనికొస్తుందని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

సైటోక్రోమ్ సి తోపాటు స్మాక్ కూడా బయటకొస్తుంది, దాన్ని మర్చిపోతారు అందరూ. ఎక్స్ఐఏపీ అనేది 3, 7, 9లని పట్టుకుని ఆపుతుంటుంది, స్మాక్ వచ్చి ఆ ఎక్స్ఐఏపీనే పట్టేసుకుంటుంది. బ్రేక్ మీద బ్రేక్ అన్నమాట.

రెండు దారులకీ వంతెన బిడ్. కాస్పేస్-8 బిడ్‌ని కోస్తే టీబిడ్ అవుతుంది, అది మైటోకాండ్రియాకి పోయి బ్యాక్స్, బ్యాక్‌లని లేపుతుంది. థైమోసైట్‌లలో డిస్క్ దగ్గర వచ్చే 8 సరిపోతుంది, ఇవి టైప్ 1. హెపటోసైట్‌లలో సరిపోదు, బిడ్ ద్వారా మైటోకాండ్రియా సాయం కావాలి, ఇవి టైప్ 2. అందుకే బిడ్ లేని ఎలుకలకి ఫాస్ యాంటీబాడీ ఎక్కిస్తే లివర్ తట్టుకుంటుంది.

| అంశం | ఇంట్రిన్సిక్ | ఎక్స్‌ట్రిన్సిక్ |
|---|---|---|
| సిగ్నల్ | డీఎన్ఏ డ్యామేజ్, గ్రోత్ ఫ్యాక్టర్ లేకపోవడం, ఈఆర్ స్ట్రెస్ | ఫాస్ లైగాండ్, ట్రెయిల్, టీఎన్ఎఫ్ |
| పసిగట్టేది | బీహెచ్3-ఓన్లీలు: ప్యూమా, నోక్సా, బిమ్ | డెత్ రిసెప్టర్‌లు |
| ప్లాట్‌ఫామ్ | అపాప్టోసోమ్: ఏడు అపాఫ్-1, సైటోక్రోమ్ సి, డీఏటీపీ | డిస్క్: రిసెప్టర్, ఫాడ్, ప్రోకాస్పేస్-8 |
| అతికించే డొమైన్ | కార్డ్ | డెత్ డొమైన్, తర్వాత డెడ్ |
| ఇనీషియేటర్ | 9 | 8, మనుషుల్లో 10 కూడా |
| ఎలా లేస్తుంది | ప్లాట్‌ఫామ్ మీద డైమర్ అయి | అదే, డైమర్ అయి |
| ఎగ్జిక్యూషనర్ | 3, 7, తర్వాత 6 | అవే |
| బ్రేక్‌లు | బీసీఎల్-2 కుటుంబం, ఎక్స్ఐఏపీ | ఫ్లిప్. 3 దగ్గర ఎక్స్ఐఏపీ |
| మైటోకాండ్రియా | తప్పనిసరి | టైప్ 1లో అక్కర్లేదు, టైప్ 2లో కావాలి |
| చెడిపోతే | బీసీఎల్-2 ఎక్కువై ఫాలిక్యులర్ లింఫోమా | ఫాస్ మ్యుటేషన్‌తో ఆల్ప్స్, లింఫోసైట్‌లు పేరుకుపోతాయి |

చివరి వరుస మీద ఒక్క మాట. ఫాలిక్యులర్ లింఫోమాలో 14, 18 క్రోమోజోమ్‌ల ముక్కలు మారి బీసీఎల్-2 జీన్ యాంటీబాడీ హెవీ చెయిన్ జీన్ పక్కకి చేరుతుంది, బీ సెల్‌లో ఆ జీన్ ఎప్పుడూ ఆన్ కాబట్టి బీసీఎల్-2 కూడా ఆన్. సెల్ గబగబా పెరగడం కాదు, చావాల్సింది చావకపోవడం, అదీ క్యాన్సరే. వెనెటోక్లాక్స్ ఆ బీసీఎల్-2 గాడిలోనే కూర్చుంటుంది, 2016లో అమెరికాలో సీఎల్ఎల్‌కి అప్రూవ్ అయింది.

ఎగ్జిక్యూషనర్‌లు లేచాక ఏమవుతుందో క్లుప్తంగా: ఐక్యాడ్‌ని కోస్తే క్యాడ్ విడుదలై డీఎన్ఏని న్యూక్లియోసోమ్‌ల మధ్య కోస్తుంది, జెల్‌లో సుమారు 180 బేస్ పెయిర్ల మెట్లు కనిపిస్తాయి. ఫాస్ఫాటిడిల్‌సెరీన్ బయటి వైపుకి తిరుగుతుంది, అనెక్సిన్ వి పట్టుకునేది దాన్నే, మాక్రోఫేజ్ కూడా దాన్ని చూసే మింగుతుంది. పార్ప్ ప్రోటీన్ 116 కిలోడాల్టన్‌ల నుంచి 89కి తగ్గుతుంది. నా ప్రాజెక్ట్‌లో మందు వేసిన లేన్‌లో పైబ్యాండ్ పలచబడి కింద 89 దగ్గర సన్నగా గీత తేలినప్పుడు ఫిల్మ్‌ని లైట్ దగ్గర పెట్టి పదిసార్లు చూశాను, రోజూ బోర్డు మీద గీసే బాణం గుర్తు అదే అని అప్పుడు అర్థమైంది.

ఒక ట్రిక్ ప్రశ్న కూడా చూసుకోండి: ఎంసీఎఫ్-7 సెల్స్‌లో అపాప్టోసిస్ అవుతుంది కానీ డీఎన్ఏ మెట్లు రావు, ఎందుకు? ఆ సెల్స్‌లో కాస్పేస్-3 లేదు, జీన్‌లో ఒక ముక్క పోయింది. ఐక్యాడ్‌ని సరిగ్గా కోసేది 3 కాబట్టి మెట్లు లేవు, 7 ఉంది కాబట్టి సెల్ మాత్రం చస్తుంది.