విషయం: 3వ నంబర్ ప్యాకింగ్ మెషిన్ స్టాప్ బటన్ – నా ఫిర్యాదుపై రాతపూర్వక జవాబు కోసం

నమస్కారం సర్,

3వ నంబర్ ప్యాకింగ్ మెషిన్ ఎమర్జెన్సీ స్టాప్ బటన్ సరిగా పనిచేయడం లేదని జూన్ 9న మీకు మెయిల్ పెట్టాను. 16న ఫ్లోర్‌లో కలిసినప్పుడు మళ్లీ గుర్తు చేస్తే, చూద్దామన్నారు. ఇవాళ్టికి మూడు వారాలైంది. ఏ కబురూ లేదు.

బటన్‌ని మూడు నాలుగు సార్లు గట్టిగా కొడితే గానీ మెషిన్ ఆగడం లేదు. రోలర్ మీది గార్డుకి స్క్రూలు ఊడిపోతే వైరుతో కట్టి నడుపుతున్నాం. మొన్న శనివారం నైట్ షిఫ్ట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చున్నీ అంచు అందులో చిక్కుకుంది. నేను పక్కనే ఉండి మెయిన్ స్విచ్ ఆపేశాను కాబట్టి సరిపోయింది. పాపం, ఆ పిల్ల చాలాసేపు వణుకుతూనే ఉంది. ఆ మెషిన్ దగ్గర నిలబడాలంటే మా అందరికీ టెన్షన్‌గానే ఉంది.

నా ఫిర్యాదు ఎవరికి పంపారు, రిపేరు ఏ తేదీకి అవుతుంది, అప్పటిదాకా ఆ మెషిన్ ఆపుతారా అన్నది జులై 3 లోపు ఈ మెయిల్‌కే జవాబుగా రాసి పంపండి. నోటిమాటగా వద్దు సర్, షిఫ్ట్ మారినప్పుడల్లా ఆ మాట పోతోంది. అప్పటికీ జవాబు రాకపోతే సేఫ్టీ ఆఫీసర్‌కి, హెచ్‌ఆర్‌కి ఈ మెయిల్స్ రెండూ పంపుతాను.

జూన్ 9 నాటి మెయిల్, గార్డు ఫొటో జతచేశాను.

ఇట్లు,
సునీత
ప్యాకింగ్ సెక్షన్, బి షిఫ్ట్
జూన్ 30