విసరణ, ద్రవాభిసరణ, సక్రియా రవాణా: స్లిప్ టెస్టుల్లో పదేపదే దొర్లుతున్న తప్పులకు జవాబులు

మొన్న బైపీసీ బ్యాచ్ స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే, నిర్వచనాలు పొల్లుపోకుండా రాసినవాళ్లు కూడా "ఎందుకు" అని అడిగిన చోటల్లా తడబడ్డారు. ఆ పేపర్లలో కనిపించిన తప్పులనే కింద ప్రశ్నలుగా పెట్టాను. ముందు జవాబు మూసేసి మీరే చెప్పుకోండి, ఆ తర్వాతే చదవండి.

ప్ర: అణువులు తక్కువ గాఢత ఉన్న వైపుకు వెళ్లాలని చూస్తాయి, అదే విసరణ. కరెక్టేనా?

జ: కాదు. అణువుకు అటువైపు ఏముందో తెలియదు. ప్రతి అణువూ ఎటుపడితే అటు కదులుతూ, పక్కవాటిని ఢీకొంటూ తిరుగుతుంటుంది, అంతే. ఒకవైపు వెయ్యి, మరోవైపు వంద ఉన్నాయనుకోండి, అన్నీ అలా అడ్డదిడ్డంగానే తిరుగుతున్నా వెయ్యి ఉన్న వైపు నుంచి దాటేవి సహజంగానే ఎక్కువ ఉంటాయి, అటు నుంచి ఇటు వచ్చేవీ ఉంటాయి కానీ తక్కువ. ఆ తేడానే మనం "నికర కదలిక" అంటాం. జవాబులో "నికర" అన్న మాట తప్పకుండా రాయండి, చాలామందికి మార్కు పోయింది అక్కడే.

ప్ర: గాఢత రెండువైపులా సమానమైతే విసరణ ఆగిపోతుందా?

జ: అణువులు ఆగవు. ఇటు నుంచి అటు ఎన్ని వెళ్తున్నాయో అటు నుంచి ఇటు అన్నే వస్తుంటాయి, కాబట్టి నికర కదలిక సున్నా. "అణువులు నిశ్చలమవుతాయి" అని రాస్తే తప్పు.

ప్ర: గది మూలన వెలిగించిన అగరుబత్తి వాసన నిమిషంలో మన దగ్గరికి వస్తుంది కదా, అంటే విసరణ అంత వేగమా?

జ: ఈ ఉదాహరణ మనందరం చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్నదే, కానీ ఆ వాసనను అంత త్వరగా మోసుకొచ్చేది ఎక్కువగా గాలి కదలిక. ఫ్యాను, కిటికీ, అగరుబత్తి వేడికి పైకి లేచే గాలి, ఇవేవీ లేకుండా కేవలం విసరణే దిక్కయితే గది అవతలికి రోజుల తరబడి పడుతుంది. విసరణ చాలా చిన్న దూరాల్లోనే వేగం, ఎందుకంటే దూరం పదింతలైతే పట్టే సమయం వందింతలవుతుంది. నీటిలో ఒక చిన్న అణువు 10 మైక్రోమీటర్ల కణాన్ని సెకనులో చిన్న భాగంలో దాటేస్తుంది, అదే 1 సెంటీమీటరుకు సుమారు సగం రోజు, 1 మీటరుకు దాదాపు 16 ఏళ్లు. కణాలు అంత చిన్నగా ఎందుకున్నాయి, మనకు గుండె, రక్తప్రసరణ ఎందుకు, చెట్టుకు దారువు, పోషక కణజాలం ఎందుకు అన్న ప్రశ్నలకు మూలం ఈ లెక్కలోనే ఉంది. నాకు ఈ చాప్టర్‌లో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, దయచేసి బట్టీ పట్టకుండా ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ప్ర: ద్రవాభిసరణలో నీరు తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు వెళ్తుంది కదా, మరి అది విసరణకు వ్యతిరేకమా?

జ: ఇక్కడ గాఢత అంటే దేని గాఢత? మీరు చెబుతున్నది ద్రావితం గాఢత, అంటే చక్కెరదో ఉప్పుదో. నీటి వైపు నుంచి చూస్తే అది తన నీటిశక్మం ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే, పాక్షిక పారగమ్య త్వచం గుండా వెళ్తోంది. పరీక్షలో "నీటిశక్మం" అని రాస్తే ఈ గందరగోళమే ఉండదు.

ప్ర: మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట వస్తుంది, అది ద్రవాభిసరణ. కానీ ముక్క ఉప్పగా కూడా అవుతుందిగా, మరి త్వచం ఉప్పును ఆపలేదా?

జ: మంచి ప్రశ్న, దీన్ని ఒక అమ్మాయి క్లాసులో అడిగింది. మాగాయకు ముక్కలు ఊరబెట్టినప్పుడు మొదట బయటకొచ్చే నీటిలో చాలా భాగం ద్రవాభిసరణ వల్లే. అయితే అంత ఉప్పులో రోజుల తరబడి ఉన్న కణాలు చచ్చిపోతాయి, వాటి త్వచాలు పాడై ఎంపిక చేసే గుణం పోతుంది, కత్తి తగిలిన కణాలైతే ముందే పోయాయి. ఆ తర్వాత ఉప్పు మామూలు విసరణతో లోపలికి చేరుతుంది. ల్యాబులో బంగాళాదుంప ఆస్మోస్కోప్ చేసినప్పుడు ఉడికించిన దుంప గుంటలో చక్కెర ద్రావణం మట్టం ఎందుకు పెరగదో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ప్ర: స్వచ్ఛమైన నీటిలో వేస్తే ఏ కణమైనా పగిలిపోతుందా?

జ: ఎర్ర రక్తకణం పగులుతుంది. మొక్క కణం పగలదు, కణకవచం ఎదురు ఒత్తిడి ఇస్తుంది కాబట్టి బిగుసుకుని స్ఫీత స్థితికి వస్తుంది, అంతే.

ప్ర: కణద్రవ్య సంకోచంలో కవచానికీ త్వచానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది కదా, అక్కడ ఏముంటుంది?

జ: గాలి కాదు, శూన్యం కాదు. బయట ఉన్న ద్రావణమే ఉంటుంది, ఎందుకంటే కణకవచం దాన్ని లోపలికి రానిస్తుంది.

ప్ర: ప్రోటీన్ సాయంతో దాటితే అది సక్రియా రవాణాయేనా?

జ: ఎక్కువమంది తప్పు చేసింది దీనిలోనే. ప్రోటీన్ ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది, గాఢత వాలుకు ఎదురు వెళ్తోందా, దానికి శక్తి ఖర్చవుతోందా అన్నది చూడాలి. ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజ్ ప్రోటీన్ వాహకం ద్వారానే వెళ్తుంది, కానీ వాలు వెంబడే వెళ్తుంది, ఏటీపీ ఖర్చు లేదు, అది సులభతర విసరణ. నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్లూ అంతే, వీటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే సోడియం-పొటాషియం పంపు ఒక్క ఏటీపీతో మూడు సోడియం అయాన్లను బయటకు, రెండు పొటాషియం అయాన్లను లోపలికి, రెండిటినీ వాటి వాలుకు ఎదురుగా నెడుతుంది. ఇది సక్రియా రవాణా.

ప్ర: నీటిని కూడా కణాలు పంపు చేస్తాయా?

జ: ఏటీపీ ఖర్చుపెట్టి నేరుగా నీటినే తోడే పంపు అంటూ మనం చదివేదేమీ లేదు. కణం అయాన్లను కదిలిస్తుంది, నీరు ద్రవాభిసరణతో వాటి వెంట వస్తుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఇలాగే. పేగు కణంలోకి సోడియం, గ్లూకోజ్ ఒకే వాహకం మీద కలిసి వస్తాయి, లోపల చేరిన సోడియంను ఏటీపీ పంపు రెండో వైపుకు తోడేస్తుంటుంది కాబట్టే ఆ వాహకం ఆగకుండా నడుస్తుంది, నీరు వెనకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ కూడా 75. సగం గ్లాసు నీళ్లలో లీటరు ప్యాకెట్ మొత్తం కలిపి బిడ్డకు తాగిస్తే ఏమవుతుందో ఆలోచించండి: ద్రావణం రక్తం కంటే చాలా చిక్కబడి, నీటిని లోపలికి పంపాల్సింది పోయి పేగులోకే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఇంట్లో చెప్పండి ఈ మాట, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలని.

ప్ర: పొలంలో నీళ్లు నిలిస్తే మిర్చి మొక్క ఎందుకు వాడిపోతుంది, చుట్టూ నీరే కదా?

జ: వేర్లకు ఆక్సిజన్ అందదు, శ్వాసక్రియ తగ్గి ఏటీపీ తగ్గుతుంది, ఖనిజాలను తీసుకునే సక్రియా రవాణా కుంటుపడుతుంది, వేరు కణాల్లోకి నీరు వెళ్లే దారి కూడా తగ్గిపోతుంది. ఇది ఎనిమిది మార్కులకు రాదు కానీ రెండు మార్కులకు రావచ్చు, నాలుగు వాక్యాల్లో రాసి రేపు తీసుకురండి.