తేజ మిర్చి కంటైనర్: ప్యాకింగ్ లిస్ట్, బరువులు, ట్రాకింగ్ వివరాలు

శ్రీనివాసరావు గారికి నమస్కారం.

మీ 13 టన్నుల తేజ మిర్చి కంటైనర్ నిన్న, మార్చి 11 రాత్రి, చెన్నై రేవు నుంచి బయల్దేరింది. ఎం.వి. నీలిమ, వాయేజ్ 023E. మధ్యలో ఓడ మారదు. పోర్ట్ క్లాంగ్‌కు 18వ తేదీ ఉదయం చేరుతుందని లైన్ వాళ్లు చూపిస్తున్నారు.

ముందుగా ఒక సవరణ. సోమవారం వాట్సాప్‌లో పంపిన కంటైనర్ నంబరులో మావాడు రెండంకెలు తారుమారు చేశాడు. అది చెరిపేయండి. సరైనది ఇదీ:

కంటైనర్: VQZU4182354 (40 అడుగుల హై క్యూబ్)
సీల్: IN5583017
బీఎల్: MAAPKG260319

పాత నంబరుకు చివరి చెక్ డిజిట్ కుదరదు, ట్రాకింగ్‌లో కొడితే తీసుకోదు. బీఎల్‌లోనూ మిగతా కాగితాల్లోనూ సరైన నంబరే పడింది, మూడుసార్లు సరిచూశాను. మీ క్లియరింగ్ ఏజెంటుకు పాతది వెళ్లి ఉంటే దయచేసి ఈరోజే మార్పించండి.

సరుకు మొత్తం 520 గోనె బస్తాలు, ఒక్కోటి నికరం 25 కిలోలు. మన యార్డు టిక్కీల లెక్క కాదు. తొడిమ తీసినవి 320 బస్తాలు (8,000 కిలోలు), తొడిమతో ఉన్నవి 200 (5,000 కిలోలు). గోనె ఒక్కోటి 600 గ్రాములు, కాబట్టి స్థూల బరువు 13,312 కిలోలు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఫైటో సర్టిఫికెట్ మూడింటిలోనూ ఇదే అంకె. వీజీఎం కాగితంలో 17,240 చూసి కంగారు పడకండి: దాంట్లో ఖాళీ కంటైనర్ 3,880, లోపల పరిచిన క్రాఫ్ట్ పేపరు, తేమ పీల్చే సంచులు 48 కిలోలు కలిశాయి. డిక్లరేషన్‌లో మాత్రం 13,312 రాయించండి.

తొడిమ తీసినవి ముందు కావాలన్నారు కదా, వాటిని తలుపు వైపే పేర్పించాం. పచ్చ దారంతో కుట్టినవి అవే. 217, 218 నంబర్ల బస్తాలు లోడింగులో కొక్కెం తగిలి చిరిగాయి. మళ్లీ తూకం వేసి, పైన ఇంకో గోనె తొడిగి కుట్టించాం. అదనపు గోనెల బరువు పైలెక్కలో కలపలేదు, మహా అయితే కిలో పైచిలుకు. సీల్ వేయకముందు తీసిన ఫోటోలు జతచేశాను. మీరు తెరిచేటప్పుడు కూడా సీల్ నంబరు కనబడేలా ఒక ఫోటో తీయించండి, ఇన్సూరెన్సుకు అవసరం పడొచ్చు.

ఒరిజినల్ బీఎల్ చెన్నైలోనే సరెండర్ చేశాం, టెలెక్స్ రిలీజ్ కాపీ రేపు మధ్యాహ్నానికి పంపిస్తాను. ఫైటో, ఫ్యూమిగేషన్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఒరిజినల్స్ కొరియర్‌లో వస్తున్నాయి. ఫ్రీ టైమ్ దించిన రోజు నుంచి 7 రోజులే, అందుకే ఏజెంటును 17కే సిద్ధంగా ఉండమనండి.

లైన్ వెబ్‌సైట్‌లో బీఎల్ నంబరు కొడితే ఓడ ఎక్కడుందో తెలుస్తుంది. రాక తేదీ మారితే నేనే ఫోన్ చేస్తాను. అంకెలన్నీ మీ ఆర్డరుతో సరిపోయాయో లేదో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
వెంకట్
ఎగుమతి విభాగం, గుంటూరు